కళాశాల ల్యాబ్‌లో రసాయన వ్యర్థాలను ఎలా వదిలించుకోవాలి?

ప్రాక్టికల్ పరీక్షలు ముగిశాక చాలా డిగ్రీ కళాశాలల కెమిస్ట్రీ ల్యాబ్‌లలో సింకు కింద ఒక పెద్ద క్యాను కనిపిస్తుంది. దాని మీద మార్కరుతో ‘వేస్ట్’ అని మాత్రమే రాసి ఉంటుంది. అందులో అసిటోన్ ఉందా, సీసం లవణం ఉందా, వాడేసిన ఆమ్లం ఉందా అని అడిగితే చెప్పగలిగినవారు ఉండరు. అలాంటి క్యానును తీసుకెళ్లడానికి వ్యర్థాల శుద్ధి కేంద్రంవారు ఒప్పుకోరు. ఒప్పుకుంటే ముందు పరీక్షలు చేయించాలి, ఆ ఖర్చు కళాశాల మీదే పడుతుంది. కాబట్టి వ్యర్థాన్ని పుట్టిన రోజునే వేరు చేయాలి. తరువాత వేరు చేయడం ఎవరి తరమూ కాదు.

సెమిస్టరు మొదలయ్యే ముందే ప్రయోగాల పట్టిక ముందు పెట్టుకుని, ఏ ప్రయోగంలో ఏం మిగులుతుందో, ఎంత మిగులుతుందో రాయండి. అల్మారాలోని సీసాలను లెక్కపెడితే ఈ విషయం తెలియదు. ఆ తరువాత 5 లీటర్ల ప్లాస్టిక్ క్యాన్లు నాలుగు కొనండి. ఒకటి క్లోరిన్ లేని ద్రావణులకు, ఒకటి క్లోరోఫాం వంటి క్లోరిన్ ద్రావణులకు, ఒకటి భారలోహాల ద్రావణాలకు, ఒకటి సల్ఫ్యూరిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాలకు. నైట్రిక్ ఆమ్లాన్ని అది వచ్చిన గాజు సీసాలోనే ఉంచాలి. పాదరసం ఉన్నవాటికి మరో చిన్న సీసా కావాలి. 20 లీటర్ల క్యాన్లు కొనకండి. అవి నిండేసరికి ఏడాది పడుతుంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వ్యర్థాన్ని మామూలుగా 90 రోజులకు మించి నిల్వ ఉంచకూడదు. పైగా చిన్న క్యానులో ఎవరైనా పొరపాటున ఏదైనా పోసినా పాడయ్యేది 5 లీటర్లే.

ప్రతి క్యాను మీదా లోపల ఉన్న పదార్థం పేరు, మొదటిసారి పోసిన తేదీ ఉండాలి. పైన పదో వంతు ఖాళీ వదలాలి. కింద ఒక ట్రే పెట్టాలి. ఇందులో కష్టమేమీ లేదు.

అసలు జాగ్రత్త నైట్రిక్ ఆమ్లం దగ్గర కావాలి. ప్రమాదాలు ఎక్కువగా ఇక్కడే జరుగుతాయి.

నైట్రిక్ ఆమ్లం ఆమ్లం మాత్రమే కాదు, బలమైన ఆక్సీకారిణి కూడా. ఇథనాల్, అసిటోన్ వంటి ద్రావణిలో కలిస్తే అది వెంటనే పొంగకపోవచ్చు. నాలుగైదు నిమిషాలు చూసి ఏమీ కాలేదనుకుని మూత బిగిస్తారు. లోపల చర్య నెమ్మదిగా సాగుతూ వేడి పుట్టిస్తుంది, ఆ వేడి చర్యను ఇంకా వేగిరపరుస్తుంది. కొన్ని గంటల తరువాత, ల్యాబ్‌కు తాళం వేసి అందరూ ఇళ్లకు వెళ్లాక, వాయువు ఒత్తిడికి క్యాను పగులుతుంది. నేను ఒకసారి దీన్ని కళ్లారా చూశాను. ఒక విద్యార్థి నైట్రిక్ ఆమ్లం వాడిన కుప్పెను అసిటోన్‌తో కడిగి, ఆ కడుగునీళ్లు ద్రావణుల క్యానులో పోశాడు. సాయంత్రానికి క్యాను పక్కలు ఉబ్బాయి, మూత చుట్టూ గోధుమరంగు పొగ కనిపించింది. అందరినీ బయటికి పంపి, తలుపులు మూసి, అగ్నిమాపక సిబ్బందిని పిలిచాం. ఉబ్బిన క్యానును ఎత్తకండి, మూత వదులు చేయాలని దగ్గరికి వెళ్లకండి.

అందుకని కుప్పెలు కడిగే పద్ధతి నుంచే నియమం మొదలవ్వాలి. నైట్రిక్ ఆమ్లం వాడిన గాజు పాత్రను ముందు నీళ్లతో రెండుసార్లు కడగాలి. ఆ నీళ్లు నైట్రిక్ సీసాలోకే వెళ్లాలి. పాత్ర ఆరాకే అసిటోన్ తీయాలి. తొందరగా ఆరుతుందని తడి పాత్రలో అసిటోన్ పోసే అలవాటును నేను మా ల్యాబ్‌లో పూర్తిగా మాన్పించాను. డైక్రోమేట్ కలిపిన సల్ఫ్యూరిక్ ఆమ్లంతో, అంటే క్రోమిక్ ఆమ్లంతో, పాత్రలు తోమడం ఇంకా జరుగుతోందంటే వెంటనే ఆపేయండి. అదీ ఇలాంటి ఆక్సీకారిణే, పైగా క్యాన్సర్ కారకమైన క్రోమియంను ల్యాబ్‌లోకి తెస్తుంది. మంచి డిటర్జెంటు, బ్రష్షు చాలు.

ద్రావణుల క్యాను పక్కన నైట్రిక్ సీసా ఉండకూడదు. గదికి ఈ మూల ఒకటి, ఆ మూల ఒకటి పెట్టండి. ఒకే అరలో పెట్టి పేర్లు రాస్తే సరిపోతుందని కొందరంటారు. తొందరలో చేయి దగ్గరి సీసా మీదికే పోతుంది, పేరు చదవదు. దూరం ఒక్కటే నమ్మదగ్గది. క్లోరోఫాం క్యానులో అసిటోన్ గానీ, క్షారం గానీ పోయకండి. క్షారం సమక్షంలో క్లోరోఫాం, అసిటోన్ తీవ్రంగా చర్య జరుపుతాయి.

భారలోహాల సంగతికి వస్తే, డైక్రోమేట్ ప్రయోగం లెక్క చెబుతాను. ఫెర్రస్ ఇనుముతో టైట్రేషన్ ముగిసిన కుప్పెలో క్రోమియం అప్పటికే ఆకుపచ్చని, తక్కువ విషపూరిత రూపానికి మారి ఉంటుంది. అది నేరుగా లోహాల క్యానులోకి పోవచ్చు. ప్రమాదం బ్యూరెట్‌లో మిగిలిన నారింజరంగు ద్రావణంతో వస్తుంది. వంద మంది విద్యార్థులు తలా 50 మిల్లీలీటర్లు మిగిలిస్తే 5 లీటర్లు. 0.1 నార్మల్ ద్రావణంలో లీటరుకు 4.9 గ్రాముల చొప్పున మొత్తం 24.5 గ్రాముల పొటాషియం డైక్రోమేట్ ఉంటుంది.

ల్యాబ్ బాధ్యులు దీన్ని ఫ్యూమ్ హుడ్‌లోనే, చేతితొడుగులు, కళ్లద్దాలు పెట్టుకుని ఆ ఆకుపచ్చని రూపానికి మార్చాలి. ముందు సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పీహెచ్ 2కు తెచ్చి, సోడియం బైసల్ఫైట్‌ను చెంచా చెంచాగా వేస్తూ కలపాలి. లెక్క ప్రకారం 26 గ్రాములు చాలు, నేను 30 సిద్ధం చేసుకుంటాను. నారింజరంగు పోయి ముదురు ఆకుపచ్చ వస్తుంది. ఘాటైన సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టే హుడ్ కావాలి. అరగంట తరువాత ఒక చుక్కకు డైఫినైల్ కార్బజైడ్ కలిపి చూడండి. ఊదారంగు వస్తే మరికొంత బైసల్ఫైట్ వేయాలి. ఆ తరువాత మెగ్నీషియం ఆక్సైడ్ వేసి పీహెచ్ 8, 9 మధ్యకు తేవాలి. సోడియం హైడ్రాక్సైడ్ వాడితే పని వేగంగా అవుతుంది. కానీ చేయి కాస్త జారినా పీహెచ్ పెరిగిపోయి అవక్షేపం మళ్లీ కరిగిపోతుంది. మెగ్నీషియం ఆక్సైడ్‌తో ఆ భయం లేదు.

రాత్రంతా అడుగుకు పేరుకోనిచ్చి వడకట్టి, పచ్చని బురదను పేరు రాసిన డబ్బాలో దాచండి. 5 లీటర్లలో ఉన్న క్రోమియం 9 గ్రాములకు మించదు. కాబట్టి డబ్బా చిన్నదైనా చాలు. వడకట్టిన నీటిని పరీక్ష చేయించకుండా కాలువలో పోయకండి. లోహాల క్యానులోకే పంపండి. సాల్ట్ అనాలిసిస్‌లో మిగిలిన సల్ఫైడ్ ద్రావణాలను మాత్రం ఆమ్లం ఉన్న క్యానులో పోయకండి. హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు వస్తుంది.

లోహం కలవని సల్ఫ్యూరిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాలను మాత్రమే ల్యాబ్‌లో తటస్థం చేయాలి. బకెట్టులో నీళ్లు పెట్టుకుని ఆమ్లాన్ని సన్నగా అందులో పోసి, చల్లారాక సోడియం బైకార్బనేట్ కొద్దికొద్దిగా వేయండి. నురగ ఆగి, పీహెచ్ కాగితం 6 నుంచి 8 మధ్య చూపితే కాలువలో వదలవచ్చు.

మిగతా వ్యర్థాలను శుద్ధి కేంద్రానికి పంపాలి. హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లో, విశాఖపట్నం దగ్గర పరవాడలో ఇలాంటి కేంద్రాలున్నాయి. వాహనం వచ్చే ముందు ప్రతి క్యానుకూ ఫారం 8 లేబులు అంటించి, తూకం వేసి, పుస్తకంలో రాసుకోండి. సరుకుతో పాటు ఫారం 10 పత్రం వెళుతుంది. అందులో రాసిన బరువు మన పుస్తకంలోని బరువుతో సరిపోలిందని చూసుకున్నాకే సంతకం చేయండి. వ్యర్థం చేరినట్టు అవతలివారు సంతకం చేసిన ప్రతి తిరిగి వచ్చేవరకు ఆ పద్దును ముగించకండి.