ఈఆర్‌పీలో స్టాక్ విలువ: స్టాండర్డ్ కాస్టా, మూవింగ్ యావరేజా?

ఆదోనిలో వేరుశనగ నూనె మిల్లు ఉందనుకుందాం. ఈఆర్‌పీ పెట్టేటప్పుడు అన్ని సరుకులకూ ఒకే పద్ధతి పెట్టేద్దాం అంటారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. స్టాండర్డ్ కాస్ట్ అంటే ముందే కట్టుకున్న రేటుకే స్టాక్ విలువ వేయడం, మూవింగ్ యావరేజ్ అంటే ప్రతి కొనుగోలుతో మారే సగటు రేటుకు వేయడం. పద్ధతిని సరుకును బట్టి ఎంచుకోవాలి.

1. ముందు ఆరు నెలల కొనుగోలు బిల్లులు తీసి, ధర ఎవరి వల్ల మారుతోందో చూడండి. కాయల ధరను యార్డు తేలుస్తుంది, మన చేతిలో లేదు. దానికి మూవింగ్ యావరేజ్ పెట్టండి. నూనె డబ్బా ఖర్చులో మాత్రం దిగుబడి, కరెంటు, కూలీ లాంటివి మిల్లు పనితీరును బట్టి మారతాయి. దానికి స్టాండర్డ్ నయం.

2. కాగితం మీద ఒక లెక్క వేయండి. క్వింటా 6,000 చొప్పున 100 క్వింటాళ్లున్నాయి. ఇంకో 50 క్వింటాళ్లు 6,600కు కొన్నారు. మూవింగ్ యావరేజ్‌లో మొత్తం 9,30,000, క్వింటా 6,200 అవుతుంది. స్టాండర్డ్ 6,000 దగ్గరే ఉంటే 30,000 ధర తేడా ఖాతాకు పోతుంది. యార్డు రేటు పెరిగినందుకు ఆ ఖాతా చూసి ఎవరిని అడుగుతాం?

3. ఎంట్రీలు వరుసలో పడుతున్నాయో లేదో చూడండి. మూవింగ్ యావరేజ్‌కు ప్రాణం ఇదే. స్టాక్ 10 క్వింటాళ్లే ఉంది, రేటు 6,200. లారీ దిగింది కానీ ఎంట్రీ పడలేదు. ఈలోగా 40 క్వింటాళ్లు గానుగకు వెళ్లినట్టు రాసేశారు. స్టాక్ మైనస్ 30, విలువ మైనస్ 1,86,000. తర్వాత 50 క్వింటాళ్లు 6,600కు ఎక్కిస్తే మిగిలిన 20 క్వింటాళ్ల విలువ 1,44,000, అంటే క్వింటా 7,200! ఆ ధరకు ఎవరూ కొనలేదు. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఈ తేడాను వేరే ఖాతాకు తోసేస్తాయి, కొన్ని ఇలాగే చూపిస్తాయి. యావరేజ్ రేటు కొన్న రేట్లన్నిటినీ దాటితే ముందు ఇదే అనుమానించండి. మైనస్ స్టాక్‌ను సెట్టింగ్‌లోనే ఆపేయండి.

4. నూనెకు స్టాండర్డ్ కట్టేటప్పుడు మామూలుగా వచ్చే దిగుబడినే తీసుకోండి, ఎప్పుడో ఒకసారి వచ్చిన మంచి దిగుబడిని కాదు. చెక్కలో నూనె ఎక్కువ మిగిలిపోతే నెలాఖరు తేడా ఖాతాలో కనిపిస్తుంది. మూవింగ్ యావరేజ్ అయితే ఆ నష్టం చడీచప్పుడు లేకుండా డబ్బా ధరలో కలిసిపోతుంది. అయితే అసలు ఖర్చుకు దగ్గరగా ఉన్నంతవరకే అకౌంటింగ్ స్టాండర్డ్ 2 స్టాండర్డ్ కాస్ట్‌ను ఒప్పుకుంటుంది. కాయల రేటు బాగా కదిలితే స్టాండర్డ్ మార్చాల్సిందే.

5. SAPలో మెటీరియల్ మాస్టర్ Accounting 1 తెరలో Price control దగ్గర కాయలకు మూవింగ్ యావరేజ్ గుర్తు V, నూనెకు స్టాండర్డ్ గుర్తు S ఇవ్వండి. లావాదేవీలు మొదలుకాకముందే ఇది తేల్చుకోండి. స్టాక్ ఉండగా మార్చాలంటే ఆడిటర్‌ను అడిగి, నెల మొదట్లో మార్చడం మంచిది.