నాలుగు స్వరాలతో వరస కట్టడం – 3వ పాఠం

పోయిన పాఠంలో మోహనలో ‘గ ప గ రి’ ముక్కనిచ్చి, దాన్ని తలకిందులు చేయమన్నాను. వచ్చిన జవాబుల్లో సగానికి సగం ‘రి గ ప గ’ అని ఉన్నాయి. అది ముక్కను వెనకనుంచి చదవడం. తలకిందులంటే మొదటి స్వరం కదలదు, ఎక్కినచోట దిగుతాం, దిగినచోట ఎక్కుతాం. గ నుంచి ఒకటి ఎక్కి ప, ఒకటి దిగి గ, ఇంకొకటి దిగి రి. తిప్పితే ఒకటి దిగి రి, ఒకటి ఎక్కి గ, ఇంకొకటి ఎక్కి ప: ‘గ రి గ ప’.

అనంతపురం నుంచి ఒకరు, “సార్, సరిగ్గానే తిప్పినా, మోహన యాడికో పోయింది” అన్నారు. ఆయన లెక్కపెట్టింది హార్మోనియం మెట్లు. తొలి తెల్లమెట్టును స అనుకోండి. గ నుంచి ప కు నల్లమెట్టుతో కలిపి మూడు మెట్లు. గ నుంచి కిందికి అదే మూడు దిగితే స కూ రి కీ మధ్యనున్న నల్లమెట్టు తగులుతుంది. అది శుద్ధ రిషభం, మోహనలో లేదు. అందుకే మెట్లు కాదు, రాగంలో ఉన్న స్వరాలే లెక్కపెట్టాలి. స రి గ ప ద అని కాగితం మీద రాసుకుని వేలు జరపండి. పెట్టె మీద చెయ్యి పెట్టేది ఆ తర్వాతే.

ఇప్పుడు ఆదితాళంలో, స్వరానికొక అక్షరం:

గ ప గ రి | గ ప గ రి
గ రి గ ప | ప గ ప ద
ద స̇ ద ప | ప ద ప గ
గ ప గ రి | స , , ,

మొదటి ఆవర్తంలో ముక్కను మార్చకుండా రెండుసార్లు పాడాలి. చెక్కభజనలో గురువు అన్నది జట్టు తిరిగి అన్నట్టే, విన్నవాళ్లకు ముక్క గుర్తుండాలి. మళ్లీ అనడానికి సిగ్గుపడి రెండోసారే మార్చేస్తే, తర్వాత తిప్పినా జరిపినా ఎవరికీ తెలియదు. రెండో ఆవర్తంలో తిప్పిన ముక్క ఒక స్వరం పైకి జరిగి ద మీద ఆగింది. అక్కడ ముగిసినట్టు అనిపించదు, అనిపించకూడదు కూడా.

మూడో ఆవర్తం నుంచి అసలు ముక్క పైనుంచి ఒక్కో స్వరం దిగుతుంది. లెక్క ప్రకారం నాలుగోది ‘రి గ రి స’ రావాలి. కావాలనే వదిలేశాను. మూడుసార్లు జరిపాక నాలుగోది ఏమిటో వినేవాడికి ముందే తెలిసిపోతుంది, అప్పుడది పాట కాదు, అలంకారం సాధన. అందుకే నేరుగా స మీదికొచ్చి నాలుగక్షరాలు నిలిపాను. కొందరు రెండుసార్లకే తెంచుతారు. నాకు మూడే ఇష్టం.

అభ్యాసం: హంసధ్వనిలో ‘ప గ రి గ’. తిప్పితే ‘ప ని స̇ ని’ వస్తుంది, అంతవరకే నా సాయం. నాలుగు ఆవర్తాలు కట్టండి. బయటి స్వరం ఒక్కటీ రాకూడదు, ఏ జరుపుడూ మూడు దాటకూడదు, చివర స నాలుగక్షరాలు నిలవాలి. రాసి పంపేముందు తాళం వేస్తూ రెండు కాలాల్లోనూ పాడి చూసుకోండి.