ప్రెస్ ఆయిల్ కూలర్ సైజు: థర్మామీటర్, గడియారం చాలు

జీడిమెట్లలో మా షెడ్‌లో రెండు షిఫ్టులు ఆగకుండా నడిచే హైడ్రాలిక్ ప్రెస్‌కి మధ్యాహ్నానికి ఆయిల్ నీళ్లలా పలచబడి ప్రెషర్ పడిపోయేది. ట్యాంకు చిన్నదేం కాదు. పంపు నిమిషానికి 40 లీటర్లు, ఆయిల్ 200 లీటర్లు, అంటే ఐదు రెట్లు. ఆగకుండా నడిచే ప్రెస్‌కి ట్యాంకు ఇంకా పెంచినా వేడి ఆలస్యంగా ఎక్కుతుంది, అంతే. కావాల్సింది కూలర్.

పొద్దున ఆయిల్ చల్లగా ఉన్నప్పుడు, కూలర్ ఉంటే ఆపి, మామూలు పని మీదే 20 నిమిషాలు నడపండి. మాకు 12 డిగ్రీలు పెరిగింది. లీటర్లను డిగ్రీలతో గుణించి, నిమిషాలతో, తర్వాత 36తో భాగిస్తే వేడి కిలోవాట్లలో వస్తుంది: మాది 3.3. ట్యాంకు ఇనుము తాగే వేడికి పావు వంతు కలిపి 4.2 అనుకున్నాం.

ఇక్కడే చాలామంది పొరబడతారు. మే నెలలో షెడ్‌లో గాలి 42 డిగ్రీలు, ఆయిల్ 55 దాటకూడదు. తేడా 13 డిగ్రీలే, కూలర్ తీసే వేడి ఈ తేడాను బట్టే ఉంటుంది. కేటలాగ్ రేటింగ్ 40 డిగ్రీల తేడాకి ఇచ్చి ఉంటే, 4.2ని 40తో గుణించి 13తో భాగించాలి: గాలి కూలర్ మీద 13 కిలోవాట్లు రాసి ఉండాలి.

ఆయిల్ అప్పటికే వేడెక్కి ఉంటే ఈ కొలత పనికిరాదు. ట్యాంకు గోడల నుంచి వేడి పోతూ లెక్క తక్కువ చూపిస్తుంది.