పాత ఫోను ధర ఎలా కట్టాలి? ఎక్స్ఛేంజ్‌కి ఇవ్వాలా, బయట అమ్మాలా?

పాత ఫోను అమ్మేటప్పుడు మనం ఎంతకు కొన్నామో పక్కన పెట్టాలి. కొనేవాడు ఆ లెక్క చూడడు. తన దగ్గరున్న డబ్బుతో ఈ రోజు ఇంకేం దొరుకుతుందో చూస్తాడు. అందుకే రెండేళ్ల క్రితం పంతొమ్మిది వేలు పోసిన ఫోనుకి పదిహేను వేలు అడిగితే ఒక్కరూ ఫోన్ చెయ్యరు. పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం వైపు మనవాళ్లు అమ్మేటప్పుడు తరచుగా నష్టపోయే చోట్లు రెండు. మొదటిది ధర కట్టే పద్ధతి. రెండోది ఎక్స్ఛేంజ్‌లో కనిపించే పెద్ద అంకె. రెండింటినీ ఒకే ఫోను లెక్కతో చూద్దాం. ఇందులోని అంకెలన్నీ ఉదాహరణ కోసం వేసినవే. మీ ఫోను అంకెలు పెట్టుకున్నా లెక్క చేసే తీరు ఇదే.

1. ముందు పై హద్దు, కింది హద్దు పట్టుకోండి

మీ మోడల్ కొత్తది ఇంకా అమ్ముతుంటే దాని నేటి ధర చూడండి. ఆగిపోయి ఉంటే దాని తర్వాత వచ్చిన మోడల్ ధర చూడండి. మన ఉదాహరణలో 8 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజ్ ఉన్న 5జీ ఫోను తీసుకుందాం. దాని తర్వాతి మోడల్ ఇప్పుడు 18,000. బ్యాంకు కార్డుతో కొంటే 1,500 తగ్గి 16,500కి వస్తోంది. పాత ఫోనుని పోల్చాల్సింది ఈ 16,500తోనే. పెట్టె మీద అచ్చేసిన ఎం.ఆర్.పి.తో కాదు.

తర్వాత ఓఎల్‌ఎక్స్‌లోనో, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనో అదే మోడల్, అదే స్టోరేజ్ వెతకండి. సరిహద్దులో ఉన్నవాళ్లు గజపతి, గంజాం వైపు ఎంత, శ్రీకాకుళం వైపు ఎంత అని రెండూ చూడాలి. పర్లాకిమిడి నుంచి పాతపట్నం పక్కనే కాబట్టి మీ కొనుగోలుదారు ఏ వైపు నుంచైనా రావచ్చు. ఇక్కడొక జాగ్రత్త. ప్రకటనలో రాసింది అడిగే ధర, అమ్ముడైన ధర కాదు. వారాల తరబడి అలాగే పడి ఉన్న ప్రకటన ఎక్కువ అడుగుతున్నట్టు. నాలుగు రోజుల్లో మాయమైనదే అసలు ధరకి దగ్గర. మన ఫోనుకి 11,000 ప్రకటనలు కదలకుండా ఉన్నాయి, 9,500ది త్వరగా పోయింది అనుకుందాం. బేరం పోను మచ్చలేని ఫోనుకి దాదాపు 9,000 వస్తుందని అర్థం. అది పై హద్దు.

కింది హద్దు కోసం పాత ఫోన్లు కొనే ఏదైనా సైట్లో మీ ఫోను స్థితి చెప్పి కోట్ తీసుకోండి. ఊళ్లోని సెకండ్ హ్యాండ్ షాపులో కూడా ఒకసారి అడగండి. షాపువాడు మీ ఫోను కొని, తుడిచి, నెల రోజులు నాదీ పూచీ అని మళ్లీ అమ్మాలి. మధ్యలో అతనికి లాభం మిగలాలి. కాబట్టి అతను తక్కువ చెప్పడం మోసం కాదు. మన ఫోనుకి షాపు 5,500 ఇస్తానంది అనుకుందాం.

2. ఆ 9,000 నుంచి ఏవి తీసెయ్యాలి

కొనేవాడు లోపం చూసి, బాగు చేయించుకునే ఖర్చు లెక్కేస్తాడు. దాని మీద శ్రమకీ అనుమానానికీ ఇంకొంచెం తగ్గిస్తాడు. ధర కట్టేటప్పుడు మనమూ అదే చెయ్యాలి.

అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ డిస్‌ప్లేది. పగిలింది సరే, కనిపిస్తుంది. మార్చిన డిస్‌ప్లే సంగతే చాలామందికి తెలియదు. షాపులో మొదట వచ్చే ప్రశ్నే "పీసు ఓపెన్ అయిందా అన్నా?" అని. కాపీ డిస్‌ప్లే వేస్తే రంగులు పాలిపోయినట్టు ఉంటాయి, ఎండలో సరిగా కనిపించదు, డిస్‌ప్లే లోపల వేలిముద్ర ఉన్న ఫోన్లలో వేలిముద్ర పనిచెయ్యకుండా పోతుంది. ఐఫోన్ 12, ఆ తర్వాతి వాటిలో సెట్టింగ్స్‌లో జనరల్‌లోకి వెళ్లి అబౌట్ చూస్తే మార్చిన భాగం అసలుదా, తెలియనిదా అని అదే చెప్పేస్తుంది. అమోలెడ్ తెరలకి ఇంకో పరీక్ష ఉంది. పూర్తి తెల్లని, బూడిదరంగు బొమ్మలు పెట్టి చూడండి. నిలువు ఆకుపచ్చ గీతగానీ, కీబోర్డు నీడగానీ కనిపిస్తే ధర బాగా పడిపోతుంది. గీత ఒకటే ఉన్నా పగిలిన తెరతో సమానంగానే చూస్తారు. శాంసంగ్ ఫోన్లలో డయలర్‌లో `*#0*#` కొడితే చాలా మోడళ్లలో తెర, టచ్, స్పీకర్, కెమెరా పరీక్షలు ఒకేచోట వస్తాయి. కొనేవాడు అవే చేస్తాడు, ముందు మీరు చేసుకోండి.

బ్యాటరీ రెండోది. ఐఫోన్‌లో బ్యాటరీ హెల్త్ శాతం కనిపిస్తుంది. 80 కన్నా తగ్గితే కొనేవాడు కొత్త బ్యాటరీ ఖర్చు తీసేసుకుంటాడు. ఆండ్రాయిడ్‌లో అన్ని కంపెనీలూ శాతం చూపించవు. నిండా చార్జి చేసి, గంటసేపు వీడియో నడిపి ఎంత దిగిందో రాసిపెట్టుకుంటే అడిగినవాళ్లకి చూపించడానికి పనికొస్తుంది. వెనక మూత కొంచెం లేచినట్టున్నా, తెర అంచు ఎత్తుగా ఉన్నా బ్యాటరీ ఉబ్బిందన్నమాట. అలాంటి ఫోనుని చార్జింగ్ పెట్టడం ఆపి, బ్యాటరీ మార్పించేవరకు ఎవరికీ అమ్మకండి. దానివల్ల అగ్నిప్రమాదం జరగొచ్చు.

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎప్పుడు ఆగుతాయన్నది మనవాళ్లు పట్టించుకోరుగానీ, కొనేవాళ్లు ఇప్పుడు అడుగుతున్నారు. సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకా రెండేళ్లు వచ్చే ఫోను, ఆగిపోయిన ఫోనుకన్నా మెరుగ్గా పోతుంది. 4జీ ఫోన్ల ధర పడిపోవడానికీ కారణం ఇలాంటిదే. మన దేశంలో 5జీ 2022 అక్టోబరులో మొదలైంది, కొనేవాడు రెండు మూడేళ్లు వాడుకోవాలని చూస్తాడు.

సర్వీస్ సెంటరు మరో సంగతి. సర్వీస్ కోసం బరంపురమో శ్రీకాకుళమో ప్రయాణం చెయ్యాల్సిన ఊళ్లలో, విడిభాగాలు దగ్గర్లోనే దొరికే కంపెనీ ఫోను ధర నిలబడుతుంది. ఎంత మంచిదైనా, విడిభాగాలు దొరకని బ్రాండ్ ఫోనుని జనం భయంతో తక్కువ అడుగుతారు.

పెంచేవి తక్కువే: బిల్లు, పెట్టె, అసలు చార్జరు, మిగిలి ఉన్న వారంటీ. వీటిలో బిల్లు విలువ చార్జరుకన్నా ఎక్కువ, ఎందుకంటే అది ఫోను దొంగది కాదన్న నమ్మకం. ఆంధ్రాలో కొన్న బిల్లు ఒడిశాలో చెల్లదేమో అని అనుమానపడకండి. మామూలుగా కంపెనీ వారంటీ దేశమంతటా ఒకటే. కవరు, టెంపర్డ్ గ్లాస్ అదనంగా ఇచ్చినా ఎవరూ డబ్బు ఇవ్వరు. అయితే అవి ఇన్నాళ్లూ తెరని కాపాడి ఉంటాయి కదా, ఫలితం అక్కడ కనిపిస్తుంది.

ఇప్పుడు మన లెక్క. తెర శుభ్రంగా ఉంది, ఎప్పుడూ తెరవలేదు, బిల్లూ పెట్టె ఉన్నాయి. కానీ బ్యాటరీ సాయంత్రానికే దిగిపోతోంది. బ్యాటరీ మార్పుకి 1,200, శ్రమకి 300, మొత్తం 1,500 తీసేస్తే 7,500. ప్రకటనలో 8,300 పెట్టండి, 7,500 దగ్గర ఒప్పుకోండి.

మరి ముందే బాగు చేయించి అమ్మితే? బ్యాటరీ అయితే అధీకృత సెంటర్లో వేయించి రసీదు దాచుకుంటే ఆ 1,500 తిరిగి రావచ్చు. లాభం మాత్రం పెద్దగా ఉండదు. తెర పగిలిందని తక్కువ ధర కాపీ వేయించడం మాత్రం డబ్బు వృథా. కొనేవాడు దాన్ని పట్టుకుంటాడు, ఇంకేం దాచారోనని మిగతా ఫోను మీద కూడా అనుమానపడతాడు.

3. ఎక్స్ఛేంజ్ అంకెని విడగొట్టి చూడండి

ఎక్స్ఛేంజ్ ప్రకటనలో "7,000 వరకు" అని ఉంటే, అందులో రెండు ముక్కలుంటాయి. ఒకటి మీ ఫోను విలువ, రెండోది కొత్త ఫోను అమ్ముడుపోవడానికి ఇచ్చే బోనస్. మన ఫోనుకి 5,000 విలువ, 2,000 బోనస్ అనుకుందాం. కొన్ని ఆఫర్లలో ఎక్స్ఛేంజ్ తీసుకుంటే కార్డు తగ్గింపు రాదు. షరతులు చదవండి. ఇక్కడ రాదనుకుందాం.

ఎక్స్ఛేంజ్‌తో: 18,000లో 7,000 పోతే చేతి నుంచి 11,000.

బయట మనిషికి అమ్మి, కార్డుతో కొంటే: 16,500లో 7,500 పోతే 9,000.

షాపుకి అమ్మి, కార్డుతో కొంటే: 16,500లో 5,500 పోతే 11,000.

చూశారా, 7,000 ఎక్స్ఛేంజ్, 5,500 షాపు నగదు రెండూ ఒకటే! తేడా కార్డు తగ్గింపులో దాక్కుంది. బయట అమ్మితే 2,000 మిగులుతుంది, ఆ మాత్రానికి నాలుగైదు రోజులు ఓపిక పట్టొచ్చు. అంకెల్లో చివరి ఖర్చు ఒక్కటే పోల్చండి, పాత ఫోనుకి "ఎంత ఇచ్చారు" అన్నది కాదు.

అదే ఫోను తెర పగిలి ఉంటే లెక్క మారిపోతుంది. విలువ 1,500కి పడినా బోనస్ 2,000 అలాగే ఉంటుంది. ఎక్స్ఛేంజ్‌తో కొత్త ఫోను 14,500కి వస్తుంది. బయట 2,000కి అమ్మి, కార్డుతో కొన్నా అదే 14,500. అలాంటప్పుడు తిరుగుడు లేకుండా ఎక్స్ఛేంజే మేలు. కాకపోతే పగిలిన తెరని ఆ ఆఫరు అసలు ఒప్పుకుంటుందో లేదో ముందే చూడాలి.

ఎక్స్ఛేంజ్ అన్ని పిన్‌కోడ్లకీ ఉండదు. మీ ఊరికి లేదంటే, శ్రీకాకుళంలో చుట్టాల ఇంటి చిరునామా పెడితే రావచ్చు. అప్పుడు డెలివరీ రోజుకి పాత ఫోను అక్కడ ఉండాలి. ఫోను స్థితి గురించి అడిగిన ప్రశ్నలకి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. వచ్చిన కుర్రాడు గుమ్మంలోనే పరీక్షిస్తాడు, చెప్పినదానికి తేడా ఉంటే ఎక్స్ఛేంజ్ తిరస్కరిస్తాడు.

కాలం కూడా లెక్కలోదే. దసరాకి ముందు ఆన్‌లైన్ పండగ సేల్స్‌లో కొత్త ఫోన్లు తగ్గితే పాతవి వెంటనే తగ్గుతాయి. అమ్మాలనుకుంటే సేల్ మొదలయ్యేముందు అమ్మండి, కొత్తది సేల్‌లో కొనండి.

4. అమ్మేముందు తాళాలు తియ్యండి

ఐఎంఈఐ కోసం `*#06#` కొట్టండి. ఆ 15 అంకెలు బిల్లు మీదివీ పెట్టె మీదివీ కలవాలి. తర్వాత `KYM` అని రాసి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ పెట్టి 14422కి ఎస్‌ఎంఎస్ పంపితే ఆ ఫోను వివరాలు వస్తాయి. బ్లాక్‌లిస్ట్, డూప్లికేట్ అని వస్తే ఎవరూ కొనరు, కొనకూడదు కూడా. చదువుకున్న కొనుగోలుదారు మీ ఎదురుగానే ఇది చేస్తాడు.

ఈఎంఐ మీద తీసుకున్న ఫోను అయితే వాయిదాలన్నీ తీర్చి, ఫైనాన్స్ కంపెనీ లాక్ యాప్ తీసేశాకే అమ్మండి. వాయిదా తప్పితే అలాంటి ఫోనుని దూరం నుంచే లాక్ చెయ్యగలరు, నింద మీ మీదకి వస్తుంది.

ఫోటోలు, కాంటాక్టులు దాచుకుని, యూపీఐ యాప్‌లలోంచి బయటికి వచ్చి, గూగుల్ ఖాతా తీసేసి, ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్ చెయ్యండి. వరుస తప్పితే కొత్త యజమాని తెర మీద మీ పాత ఖాతా పాస్‌వర్డ్ అడగొచ్చు, అప్పుడు మీకు ఫోన్ మీద ఫోన్ వస్తుంది. ఐఫోన్ అయితే ఫైండ్ మై ఆపి, ఆపిల్ ఖాతా నుంచి సైన్ అవుట్ కావాలి. ఈసిమ్ ఉంటే మీ కొత్త ఫోనుకి మార్చుకోండి, మెమరీ కార్డు తియ్యడం మరిచిపోకండి.

డబ్బు విషయానికొస్తే, డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. "క్యూఆర్ పంపుతున్నాను, స్కాన్ చేసి పిన్ కొట్టండి, డబ్బు పడుతుంది" అన్నవాడు దొంగ. వాళ్లు చూపించే పేమెంట్ స్క్రీన్‌షాట్ నమ్మకుండా, మీ బ్యాంకు ఖాతాలో నిల్వ పెరిగిందని చూసుకున్నాకే ఫోను చేతికివ్వండి. ఒక కాగితం మీద మోడల్, ఐఎంఈఐ, ధర, తేదీ, సమయం రాసి ఇద్దరూ సంతకం చెయ్యండి. గుర్తింపు కార్డు నకలు అడిగితే ఆధార్‌లో చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ ఇచ్చి, దాని మీద "ఫోను అమ్మకం కోసం మాత్రమే" అని అడ్డంగా రాయండి. కొన్నవాళ్ల గుర్తింపు నకలు మీరూ ఒకటి తీసుకుని ఆ కాగితంతో పాటు దాచుకోండి.