కంపెనీ చరిత్ర మధ్యలో తెగిపోతే: పేరు మార్పులు, విలీనాలు, విభజనల వెనుక గొలుసు పట్టుకోవడం ఎలా?

పాత షేర్ సర్టిఫికెట్ దొరికినా, ఇరవై ఏళ్ల ఆదాయం లెక్కలు కావాలన్నా, ఒక కంపెనీ వెనక్కి వెళ్లే కొద్దీ ఎక్కడో ఒకచోట దారి తప్పుతుంది. దీనికి మూల కారణం ఒక్కటే. కంపెనీ అంటే మన మనసులో ఒకటే వస్తువు. నిజానికి అందులో మూడు ఉన్నాయి: పేరు, చట్టం దృష్టిలో నమోదైన సంస్థ, అది చేసే వ్యాపారం. మామూలు రోజుల్లో మూడూ కలిసే నడుస్తాయి. పేరు మార్పు, విలీనం, డీమెర్జర్ అనే విభజన జరిగిన రోజున మాత్రం ఒక్కోటి ఒక్కో దారి పట్టవచ్చు. కాబట్టి వెతకడం మొదలుపెట్టేముందే మీకు ఈ మూడింటిలో ఏది కావాలో తేల్చుకోండి. వాటాదారుడికి కావాల్సింది నమోదైన సంస్థ. ఒక ఉత్పత్తి చరిత్ర రాసేవారికి కావాల్సింది వ్యాపారం. పేరు ఎవరికీ గమ్యం కాదు, అది వెతకడానికి పనికొచ్చే తాడు మాత్రమే.

ఉదాహరణలన్నీ అమెరికా కంపెనీలవే తీసుకుంటున్నాను. అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ నడిపే ఎడ్గార్ అనే వెబ్‌సైట్లో కంపెనీలు దాఖలు చేసే పత్రాలు, అంటే ఫైలింగులు, ఎవరైనా ఉచితంగా చదవవచ్చు, మీరే సరిచూసుకోవచ్చు. పద్ధతి మాత్రం ఏ దేశానికైనా ఒకటే.

సమస్య 1: ఫలానా ఏడాదికి ముందు రికార్డులే కనిపించవు

మొదట చూడాల్సింది ఇది పేరు మార్పా, లేక పైన కొత్త సంస్థ వచ్చిందా అన్నది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఫేస్‌బుక్ 2021 అక్టోబర్‌లో మెటా ప్లాట్‌ఫామ్స్ అయింది. అది కేవలం పేరు మార్పు. ఎడ్గార్‌లో ప్రతి కంపెనీకీ CIK అనే నంబర్ ఉంటుంది. ఈ కంపెనీ నంబర్ 1326801. అప్పుడూ అదే, ఇప్పుడూ అదే. కంపెనీ పేజీలో Formerly అనే చోట పాత పేరు కూడా కనిపిస్తుంది. పేరుతో కాకుండా నంబర్‌తో వెతికితే సమస్య అక్కడితో తీరిపోతుంది.

గూగుల్ సంగతి వేరు. 2015 అక్టోబర్‌లో ఆల్ఫాబెట్ అనే కొత్త సంస్థను పైన నిలబెట్టి, గూగుల్‌ను దాని కిందికి చేర్చారు. గూగుల్ షేర్లు ఆల్ఫాబెట్ షేర్లుగా మారాయి. ఆల్ఫాబెట్ నంబర్ 1652044, గూగుల్ నంబర్ 1288776. ఆల్ఫాబెట్ పేజీలో ఎంత వెనక్కి వెళ్లినా 2015 దాటదు. దానికి ముందు కంపెనీ లేదని కాదు, ఆ చరిత్ర ఇంకో నంబర్ కింద ఉంది.

ఇలాంటప్పుడు కొత్త నంబర్ కింద ఉన్న మొట్టమొదటి ఫైలింగులు తెరవండి. పాత కంపెనీ స్థానంలోకి కొత్తది వచ్చినప్పుడు సాధారణంగా 8-K12B అనే ఫారం పడుతుంది. ఎవరి స్థానంలోకి వచ్చిందో అందులోనే రాసి ఉంటుంది. ఫైలింగుల తేదీలు ఒక సంస్థ దగ్గర ఆగి ఇంకో సంస్థ దగ్గర అదే నెలలో మొదలైతే, అతుకు అక్కడే ఉందని అనుకోవచ్చు.

ఒక పరిమితి గుర్తుంచుకోవాలి. ఎడ్గార్‌లో ఎలక్ట్రానిక్ ఫైలింగ్ 1990ల మధ్యలోనే అందరికీ తప్పనిసరి అయింది. 1993కి ముందు అక్కడ ఏమీ దొరక్కపోతే కారణం పేరు మార్పు కాకపోవచ్చు. అప్పటి కాగితాలు అందులోకి ఎక్కలేదు, అంతే.

సమస్య 2: ఒకే పేరుకు పొంతన లేని రెండు చరిత్రలు

ఇది అన్నిటికన్నా ఎక్కువగా మోసం చేస్తుంది, ఎందుకంటే ఇక్కడ రికార్డులు దొరుకుతాయి. దొరికేది వేరే సంస్థవి.

ఏటీ అండ్ టీ 2004 ఆదాయం ఎంత అని వెతికితే రెండు సమాధానాలు వస్తాయి. ఒక వార్షిక నివేదికలో 3 వేల కోట్ల డాలర్లకు కాస్త పైన, ఇంకోదానిలో 4 వేల కోట్ల డాలర్లకు కాస్త పైన. రెంటి మీదా ఏటీ అండ్ టీ అనే ఉంటుంది. రెండూ తప్పు కాదు.

పాత ఏటీ అండ్ టీ 1885లో పుట్టింది. ప్రభుత్వం వేసిన గుత్తాధిపత్య కేసు రాజీలో భాగంగా, 1984 జనవరి 1న తన స్థానిక టెలిఫోన్ వ్యాపారాన్ని 7 ప్రాంతీయ కంపెనీలుగా వదులుకుంది. వాటిలో ఒకటి సౌత్‌వెస్టర్న్ బెల్ కార్పొరేషన్. అది 1995లో ఎస్‌బీసీ కమ్యూనికేషన్స్ అని పేరు మార్చుకుంది. 2005 నవంబర్ 18న ఆ ఎస్‌బీసీయే తన ఒకప్పటి తల్లి కంపెనీ అయిన ఏటీ అండ్ టీ కార్ప్‌ను కొనేసి, దాని పేరు తనకు పెట్టుకుంది. అంటే ఇప్పటి ఏటీ అండ్ టీ ఇన్‌కార్పొరేటెడ్ చట్టం ప్రకారం పాత ఎస్‌బీసీ. నంబర్లు చూస్తే సందేహం ఉండదు: ఇప్పటి కంపెనీ 732717, పాత కంపెనీ 5907. మొదటి నంబర్ కింద 2005కి ముందు ఉన్నవన్నీ ఎస్‌బీసీ నివేదికలే.

4 వేల కోట్ల లెక్క ఎస్‌బీసీది. కొన్న కంపెనీ తన గత లెక్కలనే కొనసాగిస్తుంది, కొన్నదాని ఆదాయాన్ని కొనుగోలు పూర్తయిన రోజు నుంచే కలుపుకుంటుంది. కాబట్టి 2005 లెక్కలో పాత ఏటీ అండ్ టీ వాటా ఆరు వారాలకే పరిమితం. ఆదాయం 2005లో సుమారు 4,380 కోట్ల డాలర్లు, 2006లో సుమారు 6,310 కోట్లు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒక్క ఏడాదిలో 44 శాతం ఎదిగిందని రాస్తే అది పెద్ద తప్పు. ఆ పెరుగుదలలో అధిక భాగం విలీనం పుణ్యమే.

ఇలాంటి చోట విలీన ఒప్పందం తెరిచి రెండు విషయాలు వెతకండి. షేర్లు ఎవరు జారీ చేశారు? ఎవరి షేర్లు రద్దయ్యాయి? ఇక్కడ ఒక్కో ఏటీ అండ్ టీ కార్ప్ షేరుకు 0.77942 ఎస్‌బీసీ షేర్లు ఇచ్చారు. షేర్లు ఇచ్చినది కొనసాగింది, షేర్లు రద్దయినది కిందికి వెళ్లింది.

ఇంకో ఉచ్చు కూడా ఉంది. ఒప్పందంలో surviving corporation అనే మాట కనిపించగానే చాలామంది గెలిచిన కంపెనీ అదేననుకుంటారు. పెద్ద విలీనాల్లో కొనే కంపెనీ ఒక ఖాళీ అనుబంధ సంస్థను పెట్టి, దాన్ని కొనబోయే కంపెనీలో కలిపేస్తుంది. ఆ చిన్న విలీనంలో మిగిలేది కొనబడిన కంపెనీయే. ఇక్కడా అదే జరిగింది. ఏటీ అండ్ టీ కార్ప్ మిగిలింది, కానీ ఎస్‌బీసీ సొంత అనుబంధ సంస్థగా మిగిలింది. ఆ మాట మీద ఆధారపడకుండా షేర్ల దారి పట్టుకోండి.

తేదీల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఒప్పందం ప్రకటించింది 2005 జనవరి 31న, పూర్తయింది నవంబర్ 18న, ఎక్స్ఛేంజిలో T అనే గుర్తు కొత్త కంపెనీ వాడకంలోకి వచ్చింది డిసెంబర్ 1న. మూడు తేదీలకూ మూడు అర్థాలు ఉన్నాయి. గొలుసులో రాసుకోవాల్సింది పూర్తయిన తేదీ. వార్తల్లో ఎక్కువగా దొరికేది మాత్రం ప్రకటన తేదీ.

సమస్య 3: అదే కంపెనీ, అదే నంబర్, కానీ సగం మాయమైంది

హెచ్‌పీ 2015 ఆర్థిక సంవత్సరం ఆదాయం ఒక నివేదికలో సుమారు 10,340 కోట్ల డాలర్లు. మరుసటి ఏడాది నివేదికలో అదే 2015కి సుమారు 5,150 కోట్లు. నంబర్ కూడా 47217 అనే ఒకటే.

కారణం డీమెర్జర్. 2015 నవంబర్ 1న హ్యూలెట్-ప్యాకార్డ్ రెండుగా విడిపోయింది. పాత సంస్థ పేరు హెచ్‌పీ ఇన్‌కార్పొరేటెడ్‌గా మారింది, ప్రింటర్లు, కంప్యూటర్లు దాని దగ్గరే ఉన్నాయి. సర్వర్లు, సేవలు, సాఫ్ట్‌వేర్ కొత్తగా పుట్టిన హ్యూలెట్ ప్యాకార్డ్ ఎంటర్‌ప్రైజ్‌కి వెళ్లాయి. విడిపోయిన వ్యాపారాన్ని తర్వాతి నివేదికలో పాత సంవత్సరాల నుంచి కూడా తీసి, discontinued operations అనే ఒక్క వరుసలో చూపిస్తారు. అందుకే గతం కూడా చిక్కిపోయినట్టు కనిపిస్తుంది. షేర్ ధర చార్టుల్లోనూ అంతే. విభజనకు ముందు ధరలను తగ్గించి చూపించే చార్టు, ఆనాటి పత్రికలో అచ్చయిన ధర ఒకటి కావు.

లెక్కలు పోల్చాలంటే ఒకే నివేదికలో ఉన్న సంవత్సరాలనే పోల్చండి. విడిపోయిన భాగం గతం కావాలంటే కొత్త కంపెనీ మొదటి పెద్ద ఫైలింగ్ 10-12B చూడండి. విడిపోకముందు ఆ వ్యాపారం విడిగా ఎలా నడిచిందో చూపే లెక్కలు అందులో ఉంటాయి.

వాటాదారుడి గొలుసు ఇలా సాగుతుంది. 2015 అక్టోబర్‌లో 100 షేర్లు ఉన్న వ్యక్తి, ఏదీ అమ్మకుండా ఉంచాడనుకోండి. విభజనతో 100 హెచ్‌పీ షేర్లు, 100 ఎంటర్‌ప్రైజ్ షేర్లు అయ్యాయి. 2017 ఏప్రిల్‌లో ఎంటర్‌ప్రైజ్ తన సేవల విభాగాన్ని వదిలింది, అది సీఎస్‌సీ అనే ఐటీ సేవల కంపెనీతో కలిసి డీఎక్స్‌సీ టెక్నాలజీ అయింది. సెప్టెంబర్‌లో సాఫ్ట్‌వేర్ విభాగం మైక్రో ఫోకస్ అనే బ్రిటిష్ కంపెనీలో కలిసింది. నేనైతే ప్రతి మలుపునూ ఒక వరుసగా రాసుకోమంటాను: తేదీ, ఏ నంబర్ నుంచి ఏ నంబర్‌కి, ఒక్కో షేరుకు ఎంత.

```
2015-11-01 | 47217   -> 1645590     | 1
2017-04-01 | 1645590 -> 1688568     | 0.085904
2017-09-01 | 1645590 -> Micro Focus | 0.13732611
```

100తో హెచ్చిస్తే 8 డీఎక్స్‌సీ షేర్లు, మైక్రో ఫోకస్ డిపాజిటరీ షేర్లు, అంటే దాని షేర్లకు బదులుగా అమెరికాలో చలామణి అయ్యేవి, 13 వస్తాయి. మిగిలిన ముక్కలకు నగదు ఇస్తారు. పాత పాస్‌బుక్‌లోనో బ్యాంకు ఖాతాలోనో ఏమిటో తెలియని చిన్న మొత్తం కనిపిస్తే, ఇలాంటి ముక్క డబ్బేమో చూడండి. గొలుసులో ఒక వరుస మీకు తెలియకుండా పోయిందనడానికి అది మంచి ఆధారం. ఇక్కడితోనూ ఆగదు. డీఎక్స్‌సీ 2018లో పర్‌స్పెక్టా అనే కంపెనీని విడగొట్టింది, మైక్రో ఫోకస్‌ను 2023 జనవరిలో ఓపెన్‌టెక్స్ట్ నగదుకు కొనేసింది. నగదు కొనుగోలు దగ్గర ఆ కొమ్మ ముగుస్తుంది, ఆ తర్వాత షేర్ల కోసం వెతకక్కర్లేదు.

డీఎక్స్‌సీ దగ్గర మూడు దారులూ విడిపోవడం స్పష్టంగా కనిపిస్తుంది. చట్టం ప్రకారం అది ఎంటర్‌ప్రైజ్ ఈ పని కోసమే పెట్టిన ఎవరెట్ స్పిన్‌కో అనే సంస్థ, తర్వాత పేరు మారింది. కానీ లెక్కల ప్రకారం కొన్నది సీఎస్‌సీ అని తేల్చారు, అందుకే డీఎక్స్‌సీ నివేదికల్లో 2017కి ముందు కనిపించేవి సీఎస్‌సీ అంకెలు. పైన చెప్పిన 100 షేర్ల దారి వెతికేవారు ఎంటర్‌ప్రైజ్ వైపు, ఆదాయం కోసం వెతికేవారు సీఎస్‌సీ వైపు వెళ్లాలి. లెక్కల ప్రకారం కొన్నది ఎవరో వార్షిక నివేదికలో ఆర్థిక లెక్కల కింది నోట్లలో రాస్తారు, accounting acquirer అని వెతికితే చాలు.

వ్యాపారం వెంట వెళ్లేవారికి హెచ్‌పీలో ఇంకా పాత మలుపు ఒకటి ఉంది. 1939లో ఆ కంపెనీ మొదలైంది కొలత పరికరాలతో. ఆ విభాగం 1999లో ఆజిలెంట్‌గా విడిపోవడం మొదలై, 2000లో పూర్తిగా బయటికి వచ్చింది. అందులోని ఎలక్ట్రానిక్ కొలతల భాగం 2014 నవంబర్‌లో కీసైట్ అయింది. ఆ తొలి పరికరాల చరిత్ర కావాలంటే హెచ్‌పీ పేరున్న రెండు కంపెనీల్లోనూ వెతికి ప్రయోజనం లేదు, కీసైట్ దగ్గరికే వెళ్లాలి.