మిద్దె మీద పడిన వాన లీటర్ల లెక్కకు అందడం లేదా? సమస్య - పరిష్కారం

చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. కాబట్టి మిద్దె విస్తీర్ణాన్ని వాన మిల్లీమీటర్లతో గుణిస్తే లీటర్లు వస్తాయి. ఇంత సులువైన లెక్క కూడా తిరుపతిలో ఇంటింటికీ తప్పుతోంది.

లెక్క పది రెట్లు ఎక్కువ వస్తోంది

మన దగ్గర ఇళ్ల కొలత చదరపు అడుగుల్లోనో అంకణాల్లోనో ఉంటుంది. ఆ అంకెనే నేరుగా మిల్లీమీటర్లతో గుణించేస్తారు. 900 చదరపు అడుగుల మిద్దె మీద 40 మి.మీ. వాన పడితే 36,000 లీటర్లు అంటారు. ఒక్క వానకు ఒక్క ఇంటి మీద 5,000 లీటర్ల ట్యాంకర్లు ఏడు నిండుతాయా? ఆ ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు, తప్పు అక్కడే బయటపడుతుంది. దయచేసి ముందు ఇది చూసుకోండి. చదరపు అడుగులను 0.093తో గుణిస్తేనే చదరపు మీటర్లు అవుతాయి. కాంక్రీటు మిద్దె తడవడానికి, ఆవిరికి, చిందడానికి కొంత పోతుంది కాబట్టి 0.8తో కూడా గుణించాలి.

```
లీటర్లు = చదరపు అడుగులు × 0.093 × మి.మీ. × 0.8
```

అంకణాల్లో ఉంటే తిరుపతి వైపు 36 చదరపు అడుగులు వేసుకోండి, నెల్లూరు వైపు 72 అంటారు. పత్రంలో రాసిన అంకణాలు స్థలానివి, మిద్దెవి కావు. మిద్దెను టేపుతో కొలవాల్సిందే.

లెక్క సరిగ్గానే ఉంది, సంపులోకి మాత్రం సగం కూడా రావడం లేదు

జనాన్ని ఎక్కువగా తిప్పలు పెట్టేది ఇదే. ఫిల్టరు విప్పి కడుగుతారు, పైపు మారుస్తారు, సంపు కారుతోందని ప్లాస్టరింగ్ చేయిస్తారు. అసలు కారణం మిద్దె మీద ఉంటుంది. మేస్త్రీ స్లాబు మీద వాటం ఇచ్చేటప్పుడు నీళ్లన్నీ ఒకే మూలకు పంపడు. రెండు మూడు వైపులకు పంచి, ఒక్కో వైపు ఒక్కో పైపు పెడతాడు. సంపుకు కలిపింది వాటిలో ఒక్కటే అయితే, ఆ పైపు వైపు వాటం ఉన్న ముక్క మీద పడిన నీళ్లే వస్తాయి. మనం మాత్రం మిద్దె మొత్తానికీ లెక్క వేసుకుని కూర్చుంటాం.

తిరుపతిలో ఒక ఇంటి లెక్క చెబుతాను. మిద్దె 900 చదరపు అడుగులు, వాన 40 మి.మీ. సూత్రం ప్రకారం 2,680 లీటర్ల దాకా రావాలి. సంపు లోపలి కొలత 6 అడుగులు × 5 అడుగులు. మోటారు వేయకుండా, కుళాయి నీళ్లు కట్టేసి, వానకు ముందూ తర్వాతా కర్ర దించి చూస్తే మట్టం 15 అంగుళాలు పెరిగింది. అంటే 37.5 ఘనపుటడుగులు. ఒక్కోదానికి 28.3 లీటర్ల చొప్పున 1,060 లీటర్లు. మిగతా నీళ్లు ఎక్కడికి పోయాయని ఇంట్లో అందరికీ టెన్షన్.

ఎండ కాసిన రోజు బక్కెట్టు, మగ్గు, సుద్దముక్క తీసుకుని మిద్దె ఎక్కాం. సంపు పైపు మూతి దగ్గర మొదలుపెట్టి, ఒక్కో అడుగు వెనక్కి జరుగుతూ మగ్గుతో నీళ్లు పోశాం. నీళ్లు ఎక్కడ వెనక్కి తిరిగి ఇంకో పైపు వైపు పోతున్నాయో అక్కడ సుద్దతో గీత గీశాం. గీతలన్నీ కలిపి టేపు పెడితే, సంపు వైపు వాటం ఉన్నది 360 చదరపు అడుగులే. ఇప్పుడు లెక్క 1,070 లీటర్లు. కర్ర చెప్పినదీ దాదాపు అదే. ఫిల్టరులో తప్పేమీ లేదు.

గీతలు గీసేటప్పుడు ట్యాంకు దిమ్మె నీళ్లకు అడ్డం పడుతోందేమో చూడండి. మెట్ల గది పైకప్పు నీళ్లు ఏ ముక్క మీద పడుతున్నాయో కూడా చూసుకుని, మీ గీత లోపల పడితే దాని విస్తీర్ణమూ కలపండి. ఎక్కువ నీళ్లు కావాలంటే మిగతా పైపులను గోడ వెంట అడ్డంగా తెచ్చి సంపు పైపుకు కలపాలి. ఎత్తు కుదరకపోతే ఆ పైపుల కింద ఇంకుడు గుంత తీసుకోవచ్చు. వాటం మార్చడానికి మిద్దె పగలగొట్టించుకోవద్దు.

అరుదుగా వచ్చేవి

రేకుల షెడ్డు అయితే రేకు వాలు పొడవు కాదు, కింద నేల మీద అది కప్పే విస్తీర్ణం కొలవండి. పేపర్లో 4 సెం.మీ. అని ఉంటే 40 మి.మీ. వాతావరణ శాఖ వాన కొలత ఉదయం 8:30 నుంచి మర్నాడు 8:30 వరకు, కాబట్టి తేదీ సరిచూసుకోండి. తిరుమల కొండ మీది అంకెను ఊళ్లో ఇంటికి వాడొద్దు. అనుమానం తీరకపోతే, గోడలు నిటారుగా ఉన్న డబ్బాను మిద్దె మధ్యలో పెట్టి, నిలిచిన నీళ్ల లోతును స్కేలుతో కొలవండి. ఆ మిల్లీమీటర్లే మీ ఇంటి వాన. పైన వెడల్పుగా, కింద సన్నగా ఉండే బక్కెట్టు దీనికి పనికిరాదు.