జీతం పన్ను లెక్క: 5వ పాఠం – కంపెనీ ఇచ్చిన ఇంటికి విలువ కట్టడం

గత పాఠంలో ఇంటి అద్దె భత్యం చూశాం. ఈసారి యాజమాన్యం డబ్బుకు బదులు ఇల్లే ఇచ్చినప్పటి సంగతి. చేతికి ఒక్క రూపాయి రాకపోయినా, అద్దె కట్టకుండా ఉండగలగడం కూడా ఆదాయమే అంటుంది చట్టం. దాన్నే పెర్క్విజిట్ అంటారు. 2024-25కి వర్తించిన 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 17వ సెక్షన్ దీన్ని జీతంలో భాగంగా చూసింది. విలువ ఎలా కట్టాలో 1962 నిబంధనల్లోని 3వ నిబంధన చెప్పింది. మనం ఆ 2024-25 ఆర్థిక సంవత్సరాన్నే తీసుకుని, ప్రైవేటు ఉద్యోగి లెక్క చేద్దాం. ప్రభుత్వ ఉద్యోగుల లెక్క లైసెన్సు ఫీజు మీద నడుస్తుంది కాబట్టి ఇక్కడ దాని జోలికి వెళ్లను.

ఇల్లు కంపెనీ సొంతదైతే అది ఉన్న ఊరి జనాభా చూడాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం 40 లక్షలు దాటిన నగరంలో జీతంలో 10 శాతం, 15 లక్షలు దాటి 40 లక్షల లోపు ఉంటే 7.5 శాతం, మిగతా అన్నిచోట్లా 5 శాతం. హైదరాబాద్ జనాభా ఆ లెక్కల్లోనే 60 లక్షలు దాటింది కాబట్టి అక్కడ 10 శాతం. విశాఖపట్నం 17 లక్షలు, కాబట్టి 7.5. విజయవాడ నగరం 10 లక్షల దగ్గరే ఉంది కాబట్టి 5. ఊరు ఇప్పుడు ఎంత పెరిగిందన్నది అనవసరం, 2011 అంకెలే ప్రమాణం. ఈ శాతాలు 2023 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు 2001 జనాభా లెక్కల మీద 15, 10, 7.5 శాతాలు ఉండేవి. పాత పుస్తకం ముందు పెట్టుకుని లెక్క చేసేవాళ్లు ఇప్పటికీ హైదరాబాద్ ఇంటికి 15 శాతం వేస్తుంటారు. మీ లెక్కలో 15 అనే అంకె కనిపిస్తే వెంటనే అడగండి.

శాతం తెలుసుకోవడం సులువే. కష్టమంతా ‘జీతం’ అనే మాట దగ్గరే ఉంది. ఏ మొత్తం మీద ఆ శాతం వేయాలి? నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే జరిగాయి. కొందరు మూలవేతనం మీదే వేస్తారు, అప్పుడు విలువ తక్కువ వస్తుంది. కొందరు కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు మీద వేస్తారు, అప్పుడు ఉద్యోగి అన్యాయంగా ఎక్కువ పన్ను కడతాడు.

నిబంధన ప్రకారం మూలవేతనం, బోనస్, కమిషన్, పన్ను పడే భత్యాలన్నీ జీతంలోకి వస్తాయి. కరువు భత్యం ఒక షరతు మీదే వస్తుంది: పదవీ విరమణ ప్రయోజనాల లెక్కలో దాన్ని కలుపుతున్నట్టు ఉద్యోగ నిబంధనల్లో ఉండాలి. యాజమాన్యం భవిష్య నిధికి కట్టే వాటా, పన్ను మినహాయింపు ఉన్న భత్యాలు, ఇతర పెర్క్విజిట్ల విలువ, ఉద్యోగం ముగిసేటప్పుడు వచ్చే గ్రాట్యుటీ వంటివి బయటే ఉంటాయి.

ఒక లెక్క చేద్దాం. విశాఖపట్నంలో కంపెనీ సొంత ఫ్లాట్‌లో ఏడాదంతా ఉన్న ఒక ఇంజినీరు జీతం చీటీ తీసుకోండి. నెలకు మూలవేతనం 60,000, కరువు భత్యం 10,000, ప్రత్యేక భత్యం 8,000. ఏడాదికోసారి 36,000 బోనస్. కంపెనీ భవిష్య నిధి వాటా నెలకు 8,400. ఆఫీసు పని మీద ఊళ్లు తిరిగినప్పుడు ఖర్చులకు ఇచ్చిన పర్యటన భత్యం ఏడాదికి 30,000, అంతా ఆ ఖర్చులకే అయిపోయింది. ఆయన కరువు భత్యాన్ని గ్రాట్యుటీకీ భవిష్య నిధికీ లెక్కలోకి తీసుకుంటారు, కాబట్టి అది లోపలికే.

మూలవేతనం 7,20,000, కరువు భత్యం 1,20,000, ప్రత్యేక భత్యం 96,000, బోనస్ 36,000. అన్నీ కలిపితే 9,72,000. భవిష్య నిధి వాటా, పర్యటన భత్యం బయటే ఉంచాం. ఇందులో 7.5 శాతం 72,900. ఇదే ఆ ఇంటి విలువ. కరువు భత్యం విరమణ ప్రయోజనాల్లోకి రాకపోయి ఉంటే జీతం 8,52,000, ఇంటి విలువ 63,900 అయ్యేవి. నియామక పత్రంలోని ఒక్క వాక్యం 9,000 రూపాయల తేడా తెస్తుందన్నమాట.

ఇంట్లో కంపెనీ మంచాలు, ఫ్రిజ్, ఏసీ పెట్టిందనుకోండి. వాటి ఖరీదులో ఏటా 10 శాతం కలపాలి. ఖరీదు 1,20,000 అయితే 12,000. మొత్తం 84,900. ఇంటికని ఉద్యోగి జీతం నుంచి కంపెనీ ఏమైనా పట్టుకుంటే ఆ మొత్తాన్ని తగ్గించాలి. మన ఉదాహరణలో పట్టుకోలేదు.

84,900 పన్ను కాదని ఇక్కడ గుర్తుంచుకోవాలి. అది ఆదాయానికి కలిసే మొత్తం మాత్రమే. 2024-25 కొత్త పన్ను విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేశాక ఈయన ఆదాయం 9,81,900, అంటే ఆ ఏడాది 7 నుంచి 10 లక్షల మధ్య ఉన్న 10 శాతం స్లాబ్. ఇంటి వల్ల అదనంగా పడేది 8,490, దానిపై 4 శాతం సెస్ కలిపితే సుమారు 8,830. ఏడాదంతా అద్దె లేని ఇంటికి ఇది భారమేమీ కాదని నా అభిప్రాయం.

కంపెనీ ఇల్లు సొంతం కాకుండా అద్దెకు తీసుకుని ఇస్తే జనాభా గొడవే లేదు. కంపెనీ కట్టిన అద్దె, జీతంలో 10 శాతం, ఈ రెండిట్లో తక్కువది తీసుకోవాలి. మన ఇంజినీరుకు 10 శాతం 97,200. కంపెనీ నెలకు 12,000 చొప్పున ఏడాదికి 1,44,000 కడుతుంటే విలువ 97,200. నెలకు 7,000 కడుతుంటే 84,000.

ఇప్పుడు బదిలీ సంగతి. ఇల్లు సొంతదైన మొదటి ఉదాహరణకే వద్దాం. ఈయనకు 2025 జనవరి 1న హైదరాబాద్ బదిలీ అయింది. అక్కడా కంపెనీ సొంత ఫ్లాట్ ఇచ్చింది, కానీ పిల్లల పరీక్షల వల్ల కుటుంబం విశాఖలోనే ఉంది. రెండు ఇళ్లకూ పన్ను పడుతుందా? మొదటి 90 రోజులు పడదు. రెండిట్లో తక్కువ విలువ ఉన్న ఒక్క ఇంటినే లెక్కిస్తారు. జనవరి 31, ఫిబ్రవరి 28, మార్చి 31 కలిపితే సరిగ్గా 90. కాబట్టి మార్చి ఆఖరు వరకు విశాఖ 7.5 శాతమే, ఏడాది విలువ మారదు. ఏప్రిల్ 1 నుంచి రెండూ పడతాయి. నెల జీతం 78,000కు బోనస్‌లో నెల వాటా 3,000 కలిపితే 81,000. అందులో 7.5 శాతం 6,075, 10 శాతం 8,100. సామాను సంగతి అటుంచితే, ఒక్క ఏప్రిల్‌కే 14,175. బదిలీ ఉత్తర్వు చేతికి రాగానే 90వ రోజు ఏ తేదీన పడుతుందో క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోమని అందుకే చెబుతాను.

మీ కంపెనీ 2024-25 లెక్క సరిచూసుకోవాలంటే ఫామ్ 16తో పాటు వచ్చే ఫామ్ 12బీఏ తెరవండి. మొదటి వరుస వసతిదే. నిబంధనల ప్రకారం విలువ, ఉద్యోగి నుంచి వసూలు చేసినది, పన్ను పడే మొత్తం పక్కపక్కనే ఉంటాయి. మొదటి అంకెను శాతంతో భాగిస్తే వాళ్లు ఏ జీతం తీసుకున్నారో బయటపడుతుంది. 72,900ను 0.075తో భాగించండి, 9,72,000 వస్తుంది. ఇంతకన్నా పెద్ద అంకె వస్తే భవిష్య నిధి వాటానో, సామాను విలువనో కలిపేశారేమో చూడాలి.

అభ్యాసం: ఇదే ఇంజినీరు బదిలీ లేకుండా విశాఖ ఫ్లాట్‌లోకి 2024 అక్టోబరు 1న మాత్రమే దిగాడనుకోండి, సామాను లేదు. ఉన్న కాలపు జీతమే లెక్కకు వస్తుంది, బోనస్‌లోనూ సగమే. 36,450 వస్తే సరైనట్టే. తర్వాతి పాఠంలో అదే ఇంట్లో రెండో ఏడాది ఉన్నప్పుడు, జీతం పెరిగినా ఇంటి విలువ అంతగా పెరగకుండా ద్రవ్యోల్బణ సూచీ ఎలా ఆపుతుందో లెక్క కడదాం.